అకౌంటెంటు అడిగిన మూడు వెసులుబాట్లు: ఏది భారం, ఏది కాదు

*ప్రశ్న: గుంటూరులో మాది మిర్చి ఎగుమతి వ్యాపారం. ఆఫీసు, గోదాము కలిపి 34 మంది ఉన్నారు. పదకొండేళ్లుగా మా దగ్గర చేస్తున్న అకౌంటెంటుకు రేచీకటి ముదిరింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అని డాక్టరు చీటీ తెచ్చాడు. సీజన్లో చీకటి పడ్డాక ఆఫీసులో ఉండలేనని, రాత్రి గోదాము లెక్కకు వెళ్లలేనని, కంప్యూటరు దగ్గర మార్పులు కావాలని అడుగుతున్నాడు. పోనీలే అని 18 వేలు పెట్టి 32 అంగుళాల మానిటర్ కొనిస్తే ఇంకా కష్టంగా ఉందంటాడు! మాకు రాత్రి పదింటి దాకా లోడింగ్ ఉంటుంది, ఈ-వే బిల్లు ఎవరు చేయాలి? చూపు పరీక్షలో 6/9 వచ్చింది, అసలు ఇది వైకల్యం కిందికి వస్తుందా? ఒకరికిస్తే రేపు అందరూ అడుగుతారు. 'అన్‌డ్యూ హార్డ్‌షిప్' అయితే ఇవ్వక్కర్లేదని మా లాయరు అన్నాడు. అది ఎంత ఉంటే లెక్కలోకి వస్తుంది? — ఒక వ్యాపారి, గుంటూరు*

మానిటర్ దగ్గర మొదలుపెడతాను. మీ 18 వేలు ఎందుకు వృథా అయ్యాయో అర్థమైతే మిగతా రెండు కోరికల సంగతి సగం తేలిపోతుంది.

ఈ జబ్బులో రాత్రి చూపు ముందు పోతుంది, తర్వాత పక్క చూపు తగ్గుతూ వస్తుంది. నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. న్యూస్‌పేపరును చుట్టచుట్టి ఒక కంటికి పెట్టుకొని, రెండో కన్ను మూసి, మీ టేబుల్ మీద ఉన్న బిల్లు పుస్తకం చదవండి. అక్షరం శుభ్రంగా కనబడుతుంది, కానీ వరుస చివరికి వెళ్లాలంటే తల తిప్పాలి. ఆయన పరిస్థితి దాదాపు అది. తెర పెద్దదయ్యే కొద్దీ ఆయన వెతుక్కోవాల్సిన మేర పెరిగింది. పాత 19 అంగుళాల తెర మీద ఒక్క చూపులో దొరికే డెబిట్, క్రెడిట్ ఇప్పుడు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి అయ్యాయి. ఆయనకు కావలసింది చిన్న తెర, నల్లటి వెనకభాగం మీద తెల్లటి అక్షరాలు, కళ్లలోకి కొట్టకుండా కాగితం మీద పడే దీపం. విండోస్‌లో `Windows + +` నొక్కితే మాగ్నిఫైయర్ వస్తుంది. దాన్ని `Windows + -` తో 100 శాతానికి తగ్గించి `Ctrl + Alt + I` నొక్కితే తెర మొత్తం రంగులు తిరగబడతాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో వేరే సెట్టింగు వెతకాల్సిన పని లేదు. పైసా ఖర్చు లేదు. ఆ పెద్ద మానిటర్‌ను గోదాము సూపర్‌వైజరుకు ఇచ్చేయండి, సంతోషిస్తాడు.

మీరు చెడ్డ మనసుతో కొన్నారని అనడం లేదు. అడగకుండా కొన్నారు, అంతే. వికలాంగుల హక్కుల చట్టం చెప్పే 'రీజనబుల్ అకామడేషన్', మన మాటల్లో సహేతుక వెసులుబాటు, అంటే ఆ మనిషికి ఆ పనిలో ఎదురవుతున్న అడ్డును తీసేసే మార్పు. ఆ అడ్డు ఎక్కడుందో ఆయనకే తెలుసు. కాబట్టి కూర్చుని మాట్లాడుకోవడంతోనే వెసులుబాటు మొదలవుతుంది. ఆ మాట జరగకుండా మీరు ఇచ్చినా తప్పుతుంది, ఇవ్వనన్నా తప్పుతుంది.

ఇప్పుడు 6/9 సంగతి. అది గోడ మీద అక్షరాల పట్టీ చదివిన లెక్క, నడిమి చూపుకు సంబంధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చూపు పదునుతో పాటు చూపు మేరను కూడా కొలుస్తుంది. రెండు కళ్లలో మెరుగైనదానికి అద్దాలు పెట్టాక కూడా చూపు మేర 40 డిగ్రీలకు లోపు ఉంటే 'లో విజన్', 10 డిగ్రీలకు లోపు ఉంటే అంధత్వం. 6/9 ఉన్న మనిషి కూడా ఈ చట్టం దృష్టిలో అంధుడు కావచ్చు. కంటి డాక్టరు చేత చూపు మేర కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించుకొని, ఆ రిపోర్టుతో సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయమని చెప్పండి. కానీ సర్టిఫికెట్ వచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు. 40 శాతం వైకల్యం అన్న గీత ఉద్యోగ రిజర్వేషన్ వంటి వాటికే గానీ వెసులుబాటుకు కాదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాశ్ కుమార్ కేసులో ఈ మాట తేల్చింది. అక్కడ అభ్యర్థికి రాసేటప్పుడు చేతివేళ్లు బిగుసుకుపోయే జబ్బు. సివిల్స్ పరీక్షకు లేఖకుడిని అడిగితే 40 శాతం లేదని కాదన్నారు. ఇలా ఇస్తే దుర్వినియోగం అవుతుందన్న వాదన కూడా అక్కడ వచ్చింది, కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. 'ఒకరికిస్తే అందరూ అడుగుతారు' అన్న మీ భయం దానికి దగ్గరి చుట్టమే. అందరికీ రేచీకటి లేదు కదండీ. ఎవరైనా వచ్చి అడిగితే వాళ్ల అడ్డు ఏమిటో అప్పుడు చూస్తారు.

మీ లాయరుగారి మాటకొస్తే, 'అన్‌డ్యూ హార్డ్‌షిప్' 1990 నాటి అమెరికా చట్టంలోని పదం. మన చట్టంలో ఉన్నది 'డిస్‌ప్రపోర్షనేట్ ఆర్ అన్‌డ్యూ బర్డెన్', తగని భారం అనుకుందాం. భావం ఇంచుమించు ఒకటే. రెంటిలోనూ ఇంత శాతం, ఇన్ని రూపాయలు అన్న గీత లేదు. ప్రభుత్వ సంస్థలు వెసులుబాటు ఇచ్చితీరాలని సెక్షన్ 20 నేరుగా చెబుతుంది, ప్రైవేటు వాళ్ల పేరు అందులో లేదు. దాన్ని చూసి 'మనకు వర్తించదు' అనుకునే వ్యాపారులు చాలామంది తగిలారు నాకు. కానీ వెసులుబాటు నిరాకరించడం వివక్షేనని అదే చట్టం నిర్వచనంలో ఉంది. వైకల్యం కారణంగా ఎవరి మీదా వివక్ష చూపకూడదన్న సెక్షన్ 3 ప్రభుత్వం, ప్రైవేటు అని విడదీయలేదు. 20 మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం రాసి అందరికీ కనబడేలా పెట్టాలి, దాని ప్రతిని రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి, ఈ విషయాలు చూడటానికి ఒక లైజన్ ఆఫీసరును పెట్టాలి. మీకు 34 మంది. ఆ కాగితం మీ ఆఫీసు గోడ మీద ఉందా? లేకపోతే ముందు అది చూసుకోండి. చట్టం మీరితే మొదటిసారి పది వేల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

భారం తూచే పద్ధతి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ 2018లో ఒక వ్యాఖ్యలో వివరంగా చెప్పింది. వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆధారంగా తీసుకుంది. అందులోంచి మీకు పనికొచ్చే మాటలు రెండే. ఒకటి, ఖర్చును సంస్థ మొత్తం స్తోమతతో పోల్చాలి గానీ ఒక విభాగం బడ్జెట్‌తో కాదు. 'ఆఫీసు ఖర్చుల పద్దులో డబ్బు లేదు' అన్నది సమాధానం కాదు, మీ ఎగుమతుల టర్నోవరు పక్కన పెట్టి చూడాలి. రెండు, భారమని రుజువు చేయాల్సింది యజమానే. భారం కాదని ఉద్యోగి నిరూపించనక్కర్లేదు.

ఈ రెండో మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక నూలు మిల్లులో పర్సనల్ ఆఫీసరుగా ఉన్నప్పుడు, పోలియో కాలున్న ఒకావిడ వైండింగ్ దగ్గర నిలబడలేక ఎత్తు స్టూలు అడిగింది. 'ఉత్పత్తి పడిపోతుంది' అని ఫోర్‌మన్ అన్నాడు, అదే వాక్యం ఫైల్లో రాసి సంతకం పెట్టాను. ఆవిడ రెండు నెలలకు మానేసింది. స్టూలు వేస్తే ఉత్పత్తి ఎంత పడిపోయేదో నాకు ఇవాళ్టికీ తెలియదు, ఎందుకంటే ఒక్క షిఫ్టు కూడా వేసి చూడలేదు. ఇప్పుడెవరైనా ఆ ఫైలు తీసి 'ఎంత పడిపోయింది?' అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

సరే, మీ ఆయన రెండో కోరిక చూద్దాం. చీకటి పడ్డాక ఆఫీసులో ఉండలేనన్నారు. 'ఎందుకు?' అని ఒక్కమాట అడగండి. ట్యూబులైట్ల కింద కుర్చీలో కూర్చుని పనిచేయడం ఆయనకు పగలెలాగో రాత్రీ అలాగే. నా అనుభవంలో ఇలాంటివాళ్ల అసలు బాధ ఆఫీసు కాదు, ఇంటికి వెళ్లే దారి. ఎదురుగా లారీ లైటు పడితే క్షణంపాటు ఏమీ కనబడదు, రోడ్డు అంచు తెలియదు. ఆయన మోటారు సైకిలు మీద వస్తున్నారంటే రాత్రి దాన్ని ముట్టుకోకూడదు. అడ్డు దారిలో ఉంటే మందు కూడా దారిలోనే ఉంటుంది. సీజన్లో నిజంగా రాత్రి పని పడే రోజులు 75 అనుకుందాం. ఇంటి దగ్గర దింపే ఆటోకు రోజుకు 150 అనుకుంటే 11,250 రూపాయలు. మీ ధరలు వేరుగా ఉంటే ఆ అంకె మార్చుకోండి. దీన్ని సీజన్లో మీ గోదాముకు వెళ్లే టీ, టిఫిన్ల బిల్లు పక్కన పెట్టి చూడండి. తగని భారం అనే మాట నోటికి వస్తుందేమో మీరే చెప్పండి.

కాదు, ఆయన నిజంగానే ఆరింటికి ఇంట్లో ఉండాలంటే? అప్పుడు పని వేళ మార్చాలి. ఉదయం ఏడున్నరకు వచ్చి సాయంత్రం ఐదున్నరకు వెళ్తారు. మీ అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలదు. మినహాయింపు ఉన్న కొన్ని సరుకులు తప్ప, విలువ 50 వేలు దాటితే అంతే, మిర్చి లారీ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయితే ఆ బిల్లులో రెండు భాగాలున్నాయి. సరుకు, విలువ, ఎవరి నుంచి ఎవరికి అన్నవి పార్ట్-ఎ లోకి వెళ్తాయి. లారీ నంబరు పార్ట్-బి లోకి వెళ్తుంది. సాయంత్రానికి లాట్లు, టిక్కీల సంఖ్య ఖాయమైన లారీలకు ఆయన పగలే ఇన్వాయిసు కొట్టి పార్ట్-ఎ నింపేయొచ్చు. రాత్రి లారీ కాటా దాటాక సూపర్‌వైజరు నంబరు ఒక్కటి ఎక్కిస్తే చాలు. రెండు రోజులు పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తే వచ్చే పని అది.

చివరి నిమిషంలో లాట్ మారే లారీలు, ఎక్కించేటప్పుడు పది టిక్కీలు వెనక్కి తీసే లారీలు ఉంటాయి. వాటికి ఇది కుదరదు, ఇన్వాయిసే మారుతుంది కాబట్టి. అలాంటివి వారానికి ఒకటా, రోజుకు నాలుగా? కిందటి సీజన్ బిల్లులు తీసి, రాత్రి ఏడు తర్వాత కొట్టినవి ఎన్ని, అందులో లాట్ మారినవి ఎన్ని అని లెక్కపెట్టండి. ఒక పూట పని. వారానికి ఒకటైతే మీరు ఇంటి నుంచి ఫోన్లో చూసుకుంటారు. రోజుకు నాలుగైతే రాత్రి పూట ఒక పార్ట్‌టైం గుమాస్తా కావాలి, రోజుకు 400 చొప్పున 75 రోజులకు 30 వేలు. అప్పుడు మీరు ఆయనతో, "పని వేళ మార్చితే ఇంత ఖర్చవుతోంది, ఆటో అయితే మూడో వంతు పైచిలుకే, ఆటో పెడతాను" అని చెప్పొచ్చు. ఆయన అడ్డు తీరుతున్నంతవరకు, తీర్చే దారులు రెండున్నప్పుడు తక్కువ ఖర్చు దారి ఎంచుకునే వీలు మీకుంది. ఆయన అడిగిన రూపంలోనే ఇవ్వాలని లేదు.

మూడోది, గోదాము లెక్క. నిజమైన చిక్కు ఇందులోనే ఉంది, మీరు దాని గురించే తక్కువ రాశారు. సరుకు చూసుకునే మనిషి, సరుకు లెక్కపెట్టే మనిషి ఒకరే కాకూడదని అకౌంటెంటును పంపుతున్నారని నా ఊహ. అది కాలక్షేపపు పని కాదు, మీ సొత్తుకు కాపలా. సూపర్‌వైజరే లెక్కపెట్టి సూపర్‌వైజరే రాసిస్తే ఆ తనిఖీకి అర్థం లేదు. కాబట్టి 'నేనెప్పటికీ గోదాములో కాలు పెట్టను, ఆ పని ఎవరికైనా ఇవ్వండి' అని ఆయన అంటే, దానికి మరో మనిషి దొరక్కపోతే, వ్యాపారం నడిచే తీరే దెబ్బతింటుందని చెప్పే హక్కు మీకుంది. ఆ అభ్యంతరానికి బలం ఉంది.

కానీ ఆయన అడిగింది రాత్రి లెక్క వద్దని. పగలు వద్దని కాదు. రాత్రి మూసేటప్పుడు ఉన్న సరుకు, పొద్దున తెరిచేటప్పుడు ఉన్న సరుకు ఒకటే కావాలంటే మధ్యలో తాళం తీయకూడదు, అంతే కదా. షట్టరుకు రెండు తాళాలు వేసి, ఒక తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచండి. పొద్దున కాటా మొదలుకాక ముందు ఆయన లెక్కపెడతారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త ఉంది. ఎండలోంచి మసక గోదాములోకి వస్తే మనకు నిమిషంలో కళ్లు సర్దుకుంటాయి, ఈ జబ్బున్నవాళ్లకు చాలాసేపు పడుతుంది, ఒక్కోసారి సర్దుకోనే సర్దుకోవు. నడిచే దారిలో దీపాలన్నీ వేసి ఉంచాలి. ఆయన చేతిలో మంచి టార్చి ఉండాలి. వరుసల మధ్య దారిలో హమాలీలు వదిలేసిన ఖాళీ గోతాలు, కొక్కేలు ఉండకూడదు. పక్క చూపు లేని మనిషికి కాలి దగ్గర వస్తువు కనబడదు. మెట్ల అంచులకు పసుపు పట్టీ అంటించండి. టార్చి, పట్టీ, టేబుల్ దీపం కలిపి రెండు మూడు వేలు దాటదు.

ప్రాణాపాయం కూడా భారం లెక్కలోకి వస్తుంది. ఈ జబ్బున్న మనిషి రాత్రిపూట లారీ నడుపుతానంటే వద్దనాల్సిందే, అందులో వెసులుబాటు ఏమీ ఉండదు. అయితే నడపలేడని తేలిన దగ్గర యజమాని పని అయిపోదు. తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవరుకు రంగులు గుర్తుపట్టే చూపు లేదని తేలి ఉద్యోగం నుంచి తీసేస్తే, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పని తప్పుపట్టి, అతనికి తగిన మరో ఉద్యోగం ఇవ్వమంది. వేరే ఉద్యోగం ఏదైనా చేయగలడా అని సంస్థ నిజంగా వెతికిందా లేదా అన్న దగ్గరే ఆ కేసు ఆగింది. అది ప్రభుత్వరంగ సంస్థ, మీది కాదు. కానీ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది: వెతికారా?

వెతికినట్టు కనబడాలంటే కాగితం కావాలి. ఒక పేజీ చాలు. ఆయన ఏ తేదీన ఏమడిగారు, ఎప్పుడు కూర్చున్నారు, ఏ దారులు చూశారు, ఒక్కోదానికి ఎంత అయింది, ఏది ఇచ్చారు, ఏది ఇవ్వలేదు, ఎందుకు ఇవ్వలేదు. 'ఇబ్బంది అవుతుంది' అని రాయకండి, నా ఫైల్లో వాక్యం లాంటిదే అది. 'కిందటి సీజన్లో రాత్రి ఏడు తర్వాత లాట్ మారిన ఇన్వాయిసులు ఇన్ని' అని రాయండి. ఇద్దరూ సంతకం పెట్టి ఒక ప్రతి ఆయనకివ్వండి. ఇది ముదిరే జబ్బు కాబట్టి సీజన్ అయ్యాక మళ్లీ కూర్చునే తేదీ కూడా అందులోనే వేయండి. ఇవాళ సరిపోయిన తెర రెండేళ్లకు సరిపోకపోవచ్చు. అప్పుడు అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు అవసరం రావచ్చు, దానికి ఆయన ముందే అలవాటు పడితే మంచిది.

ఆయన కళ్ల సంగతి మాత్రం ఆఫీసులో మిగతావాళ్లకు చెప్పకండి. రాత్రి ఆటో ఎందుకని ఎవరైనా అడిగితే "అది నాకూ ఆయనకూ మధ్య ఏర్పాటు" అంటే సరిపోతుంది. డాక్టరు చీటీ మీ బీరువాలో ఉండాలి, జీతాల ఫైల్లో కాదు.

సరుకు జోరందుకున్నాక కూర్చుందామంటే మీకు ఊపిరి ఉండదు. యార్డులో కొత్త కాయ కనబడకముందే ఒక రోజు సాయంత్రం ఆయన్ను లోపలికి పిలిచి, గోదాములోకి ఇద్దరూ కలిసి నడవండి. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ గోడ పట్టుకుంటున్నారో చూస్తే దీపాలు ఎక్కడ పెట్టించాలో మీకే తెలుస్తుంది.